కార్తీకం పనులు – ఇంట్లో అందరికీ గుర్తుచేస్తున్నాను

2025 అక్టోబరు 21, మంగళవారం రాత్రి

పిల్లలూ, దీపావళి అయిపోయింది. రేపటి నుంచి కార్తీకం. ఈ నెల రోజులూ ఏ పనికి ముందు ఏది చేసుకోవాలో ఎప్పటికప్పుడు ఇక్కడ రాస్తుంటాను. చదివి ఊరుకోకండి. ఎవరి పని వాళ్లు ఒప్పుకుని "సరే" అని పెట్టండి.

ఈసారి ఇలా రాయడానికి కారణం ఉంది. పోయినేడు మూడో సోమవారం పెద్దకోడలు పొద్దుట్నించీ మంచినీళ్లు కూడా ముట్టకుండా ఆఫీసుకి వెళ్లొచ్చి, సాయంత్రం మళ్లీ పొయ్యి దగ్గర నిలబడింది. ఆనపకాయ కోస్తూ కోస్తూ వంటగట్టు పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. మొహమంతా చెమట, చేతులు చల్లగా అయిపోయాయి. నేను పక్కనే ఉండి "ఇంకో రెండు నిమిషాలమ్మా, అయిపోతుంది" అంటున్నాను. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. అందుకని ఈ ఏడు మనింట్లో ఒకటే నియమం. ఉపవాసం ఉన్న మనిషి ఆ రోజు కత్తిపీట పట్టకూడదు, పొయ్యి దగ్గర నిలబడకూడదు. ఆ రోజు పని ముందురోజు రాత్రికే తెమలాలి. మిగిలింది ఉపవాసం లేనివాళ్లు చేస్తారు.

మామ్మకి షుగరు మాత్రలున్నాయి. ఆవిడ ఉపవాసం ఉండరు, అడగొద్దు కూడా. దీపం పెట్టుకుంటారు, చాలు.

అక్టోబరు 23, గురువారం

ఎల్లుండి శనివారం నాగుల చవితి. ఆ రోజు మనింట్లో కత్తి పట్టం, పొయ్యి మీద ఏదీ వేయించం. కాబట్టి అన్నీ రేపే.

చిన్నోడా, రేపు పొద్దున్న వాకింగ్ నుంచి వస్తూ రైతు బజార్లో తెల్ల నువ్వులు అరకిలో, అనకాపల్లి బెల్లం రెండు కిలోలు, అరటిపళ్లు, కొబ్బరికాయలు నాలుగు తీసుకురా. బెల్లం తెల్లగా మెరిసేది వద్దు. గోధుమరంగులో, గోరుతో గిల్లితే కొంచెం మెత్తగా తగిలేది చూడు. ఆవుపాలు మన పాలాయనకి నేను చెప్పాను.

చిన్నకోడలా, రేపు మధ్యాహ్నం చలిమిడికి గ్లాసున్నర బియ్యం నానబెట్టు. రాత్రికి వడకట్టి పాతచీర మీద నీడన ఆరబోస్తే, చెయ్యి పెట్టినప్పుడు తడి తగిలి, నీళ్లు అంటకుండా ఉంటుంది. అదీ పదును. పడుకునే ముందు మిక్సీ పట్టేసి డబ్బాలో నొక్కి మూతపెట్టు. చిమ్మిలి నేను దంచుతాను, ఆ పని నాకిష్టం. వడపప్పుకి పెసరపప్పు శనివారం తెల్లవారి నానేస్తే చాలు.

పుట్ట దగ్గర పాలు ఒక్క చెంచాడు పొయ్యండి. పాము పాలు తాగదు, కన్నాల్లో చెంబులకి చెంబులు పోస్తే లోపలున్న జీవానికే కష్టం. మిగిలిన పాలు పిల్లలకివ్వండి. దీపావళికి మిగిల్చిన కాకరపువ్వొత్తులు ఆ సాయంత్రం కాల్చుకోవచ్చు.

అక్టోబరు 26, ఆదివారం సాయంత్రం

రేపు మొదటి సోమవారం. పైగా తుఫాను హెచ్చరిక. రేపూ ఎల్లుండీ గట్టి వాన, ఈదురుగాలి అంటున్నారు. బీచి వైపు ఎవరూ వెళ్లొద్దు, స్నానానికి అసలే వద్దు. ఇంట్లో తలమీద నాలుగు చెంబులు పోసుకున్నా కార్తీక స్నానమే.

పెద్దోడా, ఈ రాత్రికే ట్యాంకు నింపు, టార్చిలైటు, ఇన్వర్టరు చూడు. కరెంటు పోతే మిక్సీ పని ఉండకూడదు, అందుకని కొబ్బరి పచ్చడి ఇప్పుడే రుబ్బి పెట్టేశాను. కూరలు కూడా ఈ రాత్రికే తరిగేద్దాం. బీరకాయ, గుమ్మడికాయ ముక్కలు వేర్వేరు డబ్బాల్లో, పొడిగా. అల్లం, మిర్చి వేరే. ఉల్లి, వెల్లుల్లి ఉన్న గిన్నె ఏదీ రేపు బయటికి రాకూడదు. అట్లపిండి గిన్నె కింది అరలోకి జరపండి.

రేపు సాయంత్రం వంట పెద్దోడిది. అన్నం, పెసరపప్పు, బీరకాయ కూర, గుమ్మడికాయ పులుసు. ఐదు గంటలకి మొదలుపెడితే ఆరుకి అయిపోతుంది. ఈ రోజుల్లో మనకి ఐదున్నరకే పొద్దుగూకుతోంది. మబ్బుల్లో చుక్క కనపడదు కాబట్టి చీకటిపడి దీపం పెట్టగానే విస్తళ్లు వేసేయండి. చుక్క కోసం ఎనిమిదింటి దాకా కూర్చోబెట్టొద్దు. ముందు మజ్జిగో, కొబ్బరినీళ్లో తాగించి, పది నిమిషాలాగి అన్నం వడ్డించండి. ఖాళీ కడుపు మీద పులుసు పోస్తే కోడలికి మంట.

అక్టోబరు 30, గురువారం

గాలివాన తగ్గింది, మనందరం బాగున్నాం, అంతే చాలు. ఇప్పుడు అసలైన వారం వస్తోంది, జాగ్రత్తగా చదవండి.

శనివారం ఏకాదశి. ఆదివారం సాయంత్రం క్షీరాబ్ది ద్వాదశి, తులసమ్మ పూజ. సోమవారం మళ్లీ ఉపవాసం. బుధవారం, నవంబరు 5న పౌర్ణమి, మన కేదారేశ్వర నోము. గాజువాక నుంచి అమ్మాయీ అల్లుడుగారూ వస్తారు. ఐదు రోజుల్లో పనికి దొరికేది ఒక్క మంగళవారమే. ఆ రోజు అరిసెలకి వదిలేయాలి, మరే పనీ పెట్టుకోకూడదు. అందుకే శుభ్రం చేయడం రేపు శుక్రవారంతో అయిపోవాలి.

దీపావళికి గదులన్నీ దులిపాం, మళ్లీ దులపక్కర్లేదు. తులసికోట చుట్టూ వానకి కొట్టుకొచ్చిన ఆకులు, మెట్ల మీద నూనె జిడ్డు, దేవుడి గది, వంటిల్లు, ఇంతే. జిడ్డు మీద ముందు పొడి ముగ్గు చల్లి పీల్చనిచ్చి, తర్వాత వేణ్నీళ్లతో సబ్బు పెట్టి రుద్దండి. ఇత్తడి సామాను మాత్రం రేపు తోమొద్దు. మన సముద్రపు గాలికి రెండు రోజుల్లో మళ్లీ నల్లబడుతుంది. మంగళవారం సాయంత్రం చింతపండు, ఉప్పు పెట్టి తోమి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేస్తే పౌర్ణమి నాడు మెరుస్తుంది. ఆ పని మీ నాన్నగారు తీసుకున్నారు.

అరిసెల సంగతి వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే పోయినేడు చెడింది అక్కడే. మనం ముందుగా అడక్కుండా తడి బియ్యం గిన్నె ఎత్తుకుని మర దగ్గరికి వెళ్లాం. ఆ రోజు తడిపిండి ఆడనన్నాడు. ఇంకో మర వెతుక్కునేసరికి పదకొండయింది, బియ్యం పైపైన ఎండిపోయింది, పిండి బరకగా వచ్చింది, అరిసెలు నూనెలో విడిపోయాయి. ఈసారి చిన్నోడు సోమవారమే వెళ్లి మరతన్ని అడిగి రావాలి, మంగళవారం ఎన్నింటికి తడిపిండి ఆడతాడో. బియ్యం రెండు కిలోలు, పాతవి కాదు, మామూలు కోటా బియ్యం మంచివి. ఆదివారం రాత్రి పూజయ్యాక నానబెట్టి, సోమవారం పొద్దున్న ఒకసారి, రాత్రి ఒకసారి నీళ్లు మార్చాలి. మారిస్తే పులుపు వాసన రాదు. మంగళవారం లేవగానే వడకట్టి, మూతపెట్టి మరకి. వచ్చిన పిండి వెంటనే జల్లించి, ఆరకుండా చేత్తో అదిమి పెట్టండి.

రెండు కిలోలకి బెల్లం కిలోంపావు. పాకం నేనే చూస్తాను. నీళ్లలో వేస్తే కరక్కుండా, వేళ్లతో తీస్తే మెత్తని ఉండ కట్టాలి, పళ్లెం మీద వేస్తే టక్ మనకూడదు. అది దాటితే అరిసె రాయి అవుతుంది, తగ్గితే నూనెలో చెదురుతుంది. ఆ రెండు నిమిషాలూ నన్నెవరూ పిలవొద్దు, ఫోన్లు కూడా నాకివ్వొద్దు. అరిసెలు చల్లారాక నోముకి 21 వేరే తీసి పక్కనపెట్టి, అప్పుడు పిల్లలకి.

నోముకి కొనాల్సినవి: తమలపాకులు, వక్కలు, పసుపుకొమ్ములు, ఖర్జూరాలు, అరటిపళ్లు, ఒక్కోటీ 21 చొప్పున. పెద్దోడు సోమవారం పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి వెళ్తే నయం, మంగళవారానికి పూలు, ఆకులు మండిపోతాయి. బంతి, చామంతి తడిగుడ్డలో చుట్టి ఉంచితే బుధవారానికి నిలుస్తాయి, తమలపాకులు కూడా అంతే. ఉసిరికాయలు మాత్రం ఆదివారానికే కావాలి. కొమ్మతో ఒకటి తులసికోటలో గుచ్చడానికి, విడిగా ఓ డజను దీపాలకి.

నవంబరు 4, మంగళవారం రాత్రి

అరిసెలు బాగా వచ్చాయి. చిన్నకోడలు ఒత్తినవి అన్నీ ఒకే సైజులో ఉన్నాయి, నా చేతివాటం ఆమెకొచ్చేసింది.

పడుకునే ముందు ఇంకా మూడు పనులున్నాయి. 365 వత్తుల గుత్తి నేతిలో ముంచి మూత పెట్టండి. అప్పటికప్పుడు ముంచితే పైన మండి లోపల ఆరిపోతుంది. శనగపప్పు నానేయండి, పూర్ణానికి. అల్లుడుగారి వాళ్లకి ముందుగది పక్కలు మార్చేయండి. రేపు వడ్డన మగవాళ్లది. ఉపవాసం ఉన్న ముగ్గురూ మొదటి పంక్తిలో కూర్చుంటారు, అమ్మాయితో కలిపి.

నవంబరు 7, శుక్రవారం

ఆదివారం ముడసర్లోవలో వనభోజనం. పులిహోర మనది, మిగతావి చుట్టాలందరూ పంచుకున్నారు. చింతపండు పులుసు రేపు రాత్రికే ఉడికించి పెట్టుకుందాం. విస్తరాకులు, చెత్తకి రెండు పెద్ద సంచులు, తాగే నీళ్ల క్యాను మర్చిపోవద్దు. 10, 17 సోమవారాలకి మొన్నటి పద్ధతే. పెద్దోడు 10న క్యాంపులో ఉంటాడు, ఆ సాయంత్రం వంట చిన్నోడిది.

నవంబరు 19, బుధవారం

శుక్రవారం తెల్లవారుజామున పోలి స్వర్గం. నాలుగున్నరకల్లా ఆర్కే బీచిలో ఉండాలి. అరటి దొప్పలు రేపు మధ్యాహ్నమే తెచ్చుకుందాం. ఒత్తులు, నెయ్యి, అగ్గిపెట్టె పాలిథీన్ కవర్లో కట్టి సంచిలో వేయండి, కవరు మళ్లీ ఇంటికి తేవాలి. పొడిబట్టలు, మామ్మకి శాలువా. దీపాలు అల అంచున వదలండి, మోకాలి లోతుకి కూడా దిగొద్దు. మన తీరంలో వెనక్కి లాగే అల ఎప్పుడొస్తుందో తెలీదు.

నవంబరు 25, మంగళవారం

మార్గశిరం వచ్చింది. ఎల్లుండి 27 నుంచి లక్ష్మివారాలు. బురుజుపేట కనకమహాలక్ష్మమ్మ దగ్గర లక్ష్మివారం నాడు ఇసకేస్తే రాలదు. మామ్మని తీసుకుని మనం ఏదో ఆదివారం తెల్లారకట్ల వెళ్దాం. లక్ష్మివారం నాడు ఇంట్లోనే పూజ.

నైవేద్యాలు వరసగా: 27న పులగం, డిసెంబరు 4న అట్లు తిమ్మనం, 11న అప్పాలు పరమాన్నం, 18న చిత్రాన్నం గారెలు, 25న పుష్యం మొదటి వారం కాబట్టి పూర్ణం బూరెలు. అట్లపిండి 3వ తేదీ సాయంత్రం రుబ్బాలి, గారెల మినప్పప్పు 17 రాత్రి నానాలి. కేలండర్ మీద ఎర్రపెన్నుతో రాసి ఫ్రిజ్ పక్కన తగిలించాను.

లక్ష్మివారం తలదువ్వుకోం, నూనె రాసుకోం కాబట్టి ఆడపిల్లలు బుధవారం రాత్రే జడలు వేసేసుకోండి. గడప కడిగి పసుపు రాయడం, ముగ్గు వేయడం తెల్లవారి నేను చూసుకుంటాను. గ్యాసు బండ ఈ రాత్రికే బుక్ చెయ్యి పెద్దోడా, ఉన్నది ఊపితే తేలిగ్గా తగులుతోంది.