14వ క్లాజు గురించి బాబాయికి, సంతకానికి ముందు

బాబాయికి నమస్కారం,

పుణె కంపెనీ వాళ్లు పంపిన సప్లై కాంట్రాక్టు మొత్తం చదివాను. అట్టపెట్టెల సైజులు, రేటు, లారీ కిరాయి మీరు మాట్లాడుకున్నట్టే ఉన్నాయి, వాటి జోలికి పోను. 14వ క్లాజు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. పైన ‘ఫోర్స్ మజూర్’, అంటే మన చేతుల్లో లేని అడ్డంకి, అని ఉంది చూడండి, అదే. ‘అది అన్ని కాంట్రాక్టుల్లో ఉండేదే’ అని వాళ్ల మేనేజరు అన్నాడని చెప్పారు. ఉండేదే, కాదనను. కానీ ఒక్కో కాంట్రాక్టులో ఒక్కో రకంగా ఉంటుంది. గొడవ వస్తే కోర్టు ఆ మాటల్నే పట్టుకుని చూస్తుంది.

సరుకు ఆలస్యమైతే వారానికి ఆర్డరు విలువలో 1 శాతం చొప్పున, 10 శాతం దాకా కోత వేస్తామని 9వ క్లాజులో రాశారు. మన చేతుల్లో లేని కారణంతో ఆలస్యమైనప్పుడు ఆ కోత తప్పించుకోవడానికి కాంట్రాక్టులో ఉన్న దారి ఈ 14వ క్లాజు ఒక్కటే. ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని తెలుగులో పెడుతున్నాను.

14.1: ‘తుఫాను, వరద, భూకంపం, అగ్నిప్రమాదం, యుద్ధం, అల్లర్లు, అంటువ్యాధి, ప్రభుత్వ ఉత్తర్వు, ఈ కారణాల్లో దేనివల్లనైనా ఒక పక్షం తన బాధ్యత నెరవేర్చలేకపోతే, ఆ అడ్డంకి ఉన్నంతకాలం ఆ పక్షం ఒప్పందం ఉల్లంఘించినట్టు కాదు.’

ఇందులో ఉన్నదానికంటే లేనిది ముఖ్యం. కరెంటు కోత లేదు, లారీల సమ్మె లేదు, పోర్టు ఆగిపోవడం లేదు. మామూలుగా జాబితాకు ముందు ‘ఇంక్లూడింగ్ బట్ నాట్ లిమిటెడ్ టు’ అనే మాట వేస్తారు. ‘ఇవే కాక ఇలాంటివి మరేవైనా’ అని దాని అర్థం. వీళ్లు ఆ మాట తీసేశారు. అంటే ఈ ఎనిమిదీ తప్ప తొమ్మిదోది లెక్కలోకి రాదని వాదించడానికి వాళ్లకు వీలు దొరికింది. 2022 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడే పెట్టారు, గుర్తుందిగా? అలాంటిది మళ్లీ వస్తే అది ‘ప్రభుత్వ ఉత్తర్వు’ కిందికి వస్తుందా, రాదా అని పుణెలో కూర్చుని వాదించుకోవాలి. ఆ వాదన మనకెందుకు? ముందే రాయించుకుందాం.

మీరు అడిగిన క్రాఫ్ట్ పేపర్ రేటు సంగతి. మిల్లు వాళ్లు రేటు పెంచితే ఈ క్లాజు కింద తప్పుకోవచ్చా అన్నారు. తప్పుకోలేం. ఇక్కడ ఆశ పెట్టుకోకండి. 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. గుజరాత్‌లో ముంద్రా కరెంటు ప్లాంట్లు నడిపే కంపెనీలు, ఇండోనేషియాలో రూలు మారి బొగ్గు ధర పెరిగిపోయిందని, పాత రేటుకు కరెంటు ఇవ్వలేమని అన్నాయి. పని కష్టమైనా, ఖర్చు పెరిగినా అది ఫోర్స్ మజూర్ కాదని కోర్టు చెప్పింది. అంత పెద్ద కంపెనీలకే కుదరలేదు. మీకు కావాల్సింది వేరే క్లాజు: ‘క్రాఫ్ట్ పేపర్ ధర 5 శాతం కంటే ఎక్కువ మారితే, ఇరుపక్షాలూ 15 రోజుల్లో కొత్త రేటు మాట్లాడుకోవాలి.’ దీన్ని రేటు షెడ్యూల్లో పెట్టమని అడుగుతాను.

ఈ క్లాజే లేకపోతే చట్టం కాపాడదా అంటే, 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్‌లో 56వ సెక్షన్ ఉంది. పని అసాధ్యమైపోతే ఒప్పందం చెల్లదని అది చెబుతుంది. దాని వల్ల ఒప్పందమే పోతుంది. మీకు కావాల్సింది అది కాదు కదా, నాలుగు వారాలు గడువు దొరికి ఆర్డరు నిలబడటం. పైగా కాంట్రాక్టులోనే క్లాజు ఉన్నప్పుడు కోర్టు ముందు దాన్నే చూస్తుంది. అందుకే ఇక్కడే సరిచూసుకోవాలి.

14.2: ‘అడ్డంకి ఏర్పడిన 7 రోజుల్లో లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈ క్లాజు కింద ఏ హక్కూ ఉండదు.’

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఇదే. తుఫాను రావడం ఒక్కటే చాలదు, మనం ఉత్తరం రాస్తేనే ఈ క్లాజు పనిచేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వైజాగ్‌లో ఎలా ఉండింది? కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, రోడ్డు నిండా చెట్లు. ఆ స్థితిలో షెడ్డు రేకులు చూసుకుంటామా, పుణెకు నోటీసు రాస్తామా? అందుకని ఇలా మార్చమంటాను: ‘కరెంటు, ఫోను, ఇంటర్నెట్ మళ్లీ పనిచేయడం మొదలైన 10 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. ఈమెయిలు లేదా వాట్సాప్ సందేశం చాలు. నోటీసు ఆలస్యమైతే హక్కు పోదు, ఆ ఆలస్యం వల్ల రెండో పక్షానికి నిజంగా కలిగిన నష్టం మేరకే తగ్గుతుంది.’

14.3లో నష్టం తగ్గించడానికి మన వంతు ప్రయత్నం చేయాలని ఉంది. న్యాయమే. జనరేటరు ఉండి కూడా నడపలేదంటే అడుగుతారు, డీజిల్ బిల్లులు దాచిపెట్టండి.

14.4 మనకు మేలు చేసేది: ‘చెల్లించాల్సిన డబ్బుకు ఈ క్లాజు వర్తించదు.’ సరుకు వాళ్ల గోడౌన్‌కు చేరాక, పుణెలో వరదలొచ్చాయని మీ బిల్లు ఆపడానికి వీల్లేదు. దీన్ని ముట్టుకోవద్దు.

14.5: ‘అడ్డంకి 60 రోజులు దాటితే కొనుగోలుదారు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు.’ మీకు మాత్రం ఆ హక్కు లేదు! రద్దయితే వాళ్ల లోగో ప్రింటు వేసిన పెట్టెలు మీ షెడ్డులో పడి ఉంటాయి. నెలకు 40 వేల పెట్టెలు చేసే చోట ఆ స్టాకు ఎంతో మీకు తెలుసు. ఆ లోగో పెట్టెలు ఇంకెవరు కొంటారు? ఇక్కడ నేను పెట్టమనే మాట: ‘60 రోజులు దాటితే ఏ పక్షమైనా 15 రోజుల నోటీసుతో ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. అప్పటికి తయారై ఉన్న ప్రింటు సరుకుకు, ఈ ఆర్డరు కోసమే కొన్న కాగితానికి కొనుగోలుదారు 30 రోజుల్లో డబ్బు చెల్లించాలి.’ దీనికి వాళ్లు అభ్యంతరం చెబుతారు. కాగితం దగ్గర తగ్గండి, ప్రింటు సరుకు దగ్గర తగ్గకండి.

14.1కి నేను రాసిన కొత్త మాట: ‘తుఫాను, వరద, అగ్నిప్రమాదం, అంటువ్యాధి, కరెంటు కోత లేదా పవర్ హాలిడే, రవాణా సమ్మె, పోర్టు లేదా హైవే మూసివేత, ప్రభుత్వ ఉత్తర్వు, ఇవే కాక సదరు పక్షం చేతుల్లో లేనివి, తగిన జాగ్రత్త తీసుకున్నా తప్పించలేనివి మరేవైనా.’ పాత జాబితాలోని భూకంపం, యుద్ధం, అల్లర్లు కూడా ఇందులో అలాగే ఉంటాయి.

రేపు నిజంగా అవసరం పడితే పంపాల్సిన నోటీసు ఇలా ఉండాలి. దీన్ని ఇంగ్లిష్‌లో కూడా టైపు చేయించి మన అకౌంటెంట్ దగ్గర ఉంచుతాను, తేదీలు మారిస్తే చాలు:

‘అక్టోబరు 12న వచ్చిన తుఫాను వల్ల మా షెడ్డు పైకప్పు దెబ్బతింది, కరెంటు లేదు. అందువల్ల అక్టోబరు 20న పంపాల్సిన 10 వేల పెట్టెలు ఆ తేదీకి పంపలేము. నవంబరు 10 నాటికి పంపగలమని అంచనా. 14వ క్లాజు కింద ఈ నోటీసు ఇస్తున్నాం. ఫొటోలు, వాతావరణ శాఖ బులెటిన్, కరెంటు ఆఫీసు లెటరు జతచేశాం. ప్రతి వారం పరిస్థితి తెలియజేస్తాం.’

ఎందుకు పంపలేకపోతున్నామో, ఎన్ని, ఎప్పటికి పంపగలమో అందులో తప్పకుండా ఉండాలి. ‘తుఫాను వల్ల ఆలస్యం అవుతుంది’ అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. ఇంకో సంగతి, తుఫానుకు ముందే బాకీ పడిన సరుకును దీని కిందికి లాగకండి. 2020లో కోవిడ్ సమయంలో, అంతకు ముందు నుంచే పని ఆలస్యం చేసిన కంపెనీ వాదనను ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు.

మార్పులన్నీ ఇంగ్లిష్‌లో రాసి ఈ సాయంత్రం మీ మెయిలుకు పెడతాను. వాళ్లు ‘సరే, ఒప్పుకున్నాం’ అని ఫోన్‌లో అంటే సంతకం పెట్టకండి. మార్చిన కాపీ వచ్చాక, ప్రతి పేజీ నాకు చూపించి, అప్పుడు పెట్టండి. పిన్నికి నమస్కారాలు.