ఖాతాలోంచి ఎవరో వాడేసిన 1,84,000 పాయింట్లను తిరిగి జమ చేయమని కోరుతూ లేఖ

విజయవాడ,
22 సెప్టెంబర్ 2025

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
ఫ్రీక్వెంట్ ఫ్లయర్ ప్రోగ్రామ్, సభ్యుల సేవా విభాగం

విషయం: 2025 సెప్టెంబర్ 14 తెల్లవారుజామున నా సభ్యత్వ ఖాతాలోకి చొరబడి 1,84,000 పాయింట్లు వాడేయడం – పాయింట్లు తిరిగి జమ చేయాలని, సెప్టెంబర్ 19 నాటి తిరస్కరణను పునఃపరిశీలించాలని వినతి.

నమస్కారం.

నా సభ్యత్వ సంఖ్యలో చివరి నాలుగు అంకెలు 4471. పూర్తి సంఖ్య ఈ లేఖలో కావాలనే రాయలేదు. ఖాతాలో నమోదైన నా ఈమెయిల్ నుంచే దీన్ని పంపుతున్నాను కాబట్టి ఖాతా మీకు సులువుగా దొరుకుతుంది. మీ భద్రతా విభాగం కోసం ఇంగ్లీషు ప్రతి జత చేశాను. రెండింటిలో ఉన్నది ఒకటే.

సెప్టెంబర్ 13 రాత్రి ఖాతాలో 1,86,420 పాయింట్లు ఉన్నాయి. మర్నాడు ఉదయం 8:50కి యాప్ తెరిస్తే 2,420 కనిపించాయి. ఆ మధ్యలో ఏం జరిగిందో మీరు పంపిన మెయిళ్లు, ఖాతా స్టేట్‌మెంట్ చూసి నిమిషాలతో సహా రాస్తున్నాను. అన్నీ భారత కాలమానం ప్రకారం, సెప్టెంబర్ 14 తెల్లవారుజామున:

2:13 – కొత్త పరికరం నుంచి లాగిన్. మీ హెచ్చరిక మెయిల్‌లో విండోస్, క్రోమ్ అని ఉంది. నేను ఈ ఖాతాను ఫోన్‌లోని మీ యాప్‌లోనే వాడతాను, నాది ఆండ్రాయిడ్ ఫోన్.
2:17 – నా పాయింట్లతో టికెట్లు తీసుకోదగినవాళ్ల జాబితాలో, అంటే నామినీల్లో, ఇద్దరు కొత్తవాళ్లు చేరారు. వాళ్లెవరో నాకు తెలియదు.
2:26 – ఆ ఇద్దరి పేర్ల మీద ఢిల్లీ–దుబాయ్ వన్‌వే అవార్డు టికెట్లు, పీఎన్ఆర్ K7QX2M. మనిషికి 32,000 చొప్పున 64,000 పాయింట్లు పోయాయి. ప్రయాణం అదే రోజు రాత్రి 9:40కి.
2:41 – ఒక్కొక్కటి 10,000 పాయింట్ల చొప్పున 12 గిఫ్ట్ ఓచర్లు, మొత్తం 1,20,000 పాయింట్లు. అవి నా మెయిల్‌కు కాకుండా వేరే మెయిల్‌కు వెళ్లాయి.

ఇరవై ఎనిమిది నిమిషాల్లో ఖాతా ఊడ్చుకుపోయింది. ఇంత జరుగుతున్నా నా మొబైల్‌కు ఒక్క ఓటీపీ కూడా రాలేదు. ఆ రాత్రి వచ్చిన ఎస్సెమ్మెస్‌ల జాబితా జత చేశాను. సిగ్నల్ ఒక్కసారి కూడా పోలేదు, సిమ్ మారలేదు.

మీ 19వ తేదీ జవాబులో మూడు కారణాలు చెప్పారు: లాగిన్ సరైన పాస్‌వర్డ్‌తోనే జరిగింది, మీ వ్యవస్థల్లోకి ఎవరూ చొరబడిన ఆనవాళ్లు లేవు, నిబంధనల ప్రకారం ఖాతా భద్రత సభ్యుల బాధ్యత. వాటికి జవాబు చెబుతాను.

మొదట పాస్‌వర్డ్ సంగతి. ఏదీ దాచడం లేదు: మీ ఖాతాకు పెట్టిన పాస్‌వర్డే పాత షాపింగ్ సైట్ ఒకదానికి కూడా పెట్టాను. అక్కడి నుంచి బయటికి పొక్కి ఉండవచ్చు. ఒకచోట దొరికిన మెయిల్, పాస్‌వర్డ్ జతలను వేరే సైట్ల మీద కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో వరసగా ప్రయత్నించే పద్ధతి మీ రంగానికి కొత్త కాదు. 2015 మార్చిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎగ్జిక్యూటివ్ క్లబ్ ఖాతాల్లోకి ఇదే దారిలో చొరబడ్డారని ఆ సంస్థే చెప్పింది. పదేళ్లుగా తెలిసిన దాడికి పాస్‌వర్డ్ ఒక్కటే అడ్డుగా ఉంచడం నా నిర్ణయం కాదు. కొత్త పరికరం, కొత్త నామినీలు, కొత్త మెయిల్‌కు ఓచర్లు, తెల్లవారుజామున రెండు గంటలు, పాయింట్లు దాదాపు అన్నీ ఒకేసారి ఖాళీ: ఇందులో ఏ ఒక్కదానికైనా ఓటీపీ అడిగి ఉంటే పని అక్కడే ఆగిపోయేది. కొత్త నామినీ చేరిన 24 గంటల వరకు టికెట్ ఇవ్వకూడదన్న నియమం ఉన్నా చాలు. నామినీ చేరిన తొమ్మిది నిమిషాలకే టికెట్ బయటికి వచ్చింది. 2019 నుంచి నా నామినీలు ముగ్గురే, మా అమ్మ, నాన్న, మావారు. ఇన్నేళ్లలో నేను వాడుకున్నది రెండు టికెట్లు, రెండూ గన్నవరం నుంచే. ఓచర్ ఒక్కటి కూడా ఎప్పుడూ తీసుకోలేదు.

ఇక ఈ చొరబాటు నా మెయిల్ ద్వారానే జరిగి ఉండవచ్చని మీ జవాబులో ఒక వాక్యం ఉంది. జరిగింది సరిగ్గా దానికి వ్యతిరేకం. తెల్లవారుజామున 2:09 నుంచి 3:40 వరకు నా ఇన్‌బాక్స్‌లోకి 612 మెయిళ్లు కుమ్మరించారు. బట్టల దుకాణాల వార్తాలేఖలు, పోలిష్ భాషలో సభ్యత్వ నిర్ధారణలు, వంటపాత్రల ప్రకటనలు. నేను వాటిలో దేనికీ పేరు ఇవ్వలేదు. మీ నాలుగు మెయిళ్లు ఆ గుట్ట కిందే ఉన్నాయి. ఓచర్ల మెయిల్ అయితే ఒక దుప్పట్ల దుకాణం స్వాగత సందేశానికీ, ఒక జిమ్ నిర్ధారణకూ మధ్య ఇరుక్కుని ఉంది. ఈ మెయిళ్ల వరద మీ మొదటి హెచ్చరికకు నాలుగు నిమిషాల ముందే మొదలైందన్నది గమనించండి. నా మెయిల్‌పెట్టె చొరబాటుదారు చేతిలో ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు, ఆ నాలుగూ చెరిపేసి వెళ్లిపోయేవాడు. నేను వాటిని చూడకుండా చేయడానికి ఇంకో దారి లేకనే చెత్త పోశాడు. నా మెయిల్ ఖాతా లాగిన్ చరిత్రలో ఆ రాత్రి కొత్త పరికరం లేదు, ఫార్వర్డింగ్ గానీ ఫిల్టర్ గానీ పెట్టలేదు. స్క్రీన్‌షాట్లు జత చేశాను. మీ నాలుగు మెయిళ్లను పూర్తి హెడర్లతో .eml ఫైళ్లుగా పంపుతున్నాను. వరదలోని మిగతా మెయిళ్లు చెరపకుండా ఉంచాను.

అన్నిటికంటే నాకు బాధ కలిగించింది ఆ ఉదయం జరిగినది. 9:12కి మీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేశాను, 23 నిమిషాలు మాట్లాడాను. పీఎన్ఆర్ చెప్పాను. విమానం ఎక్కడానికి ఇంకా పన్నెండు గంటలు పైనే ఉంది, టికెట్లు రద్దు చేసి ఓచర్లు ఆపమని మూడుసార్లు అడిగాను. అనుమానాస్పద లావాదేవీలు భద్రతా బృందమే చూడాలని, వాళ్లు సోమవారం వస్తారని చెప్పి ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు. ఆదివారం రాత్రి 9:40కి విమానం వెళ్లిపోయింది. నా ఖాతాలోంచి వచ్చిన టికెట్‌ను, ఖాతాదారుగా గుర్తింపు పూర్తయ్యాక కూడా, నేను అడిగితే రద్దు చేయలేదు. ఆ 64,000 పాయింట్లు చొరబాటుదారు వల్ల మాత్రమే పోలేదు. కాల్ రికార్డింగ్ వింటే ఇది మీకే తెలుస్తుంది.

నిబంధనల్లో పాయింట్లు సంస్థ ఆస్తి అని, సభ్యులకు వాటిమీద యాజమాన్య హక్కు లేదని రాసుకున్నారు. అలాగే అనుకుందాం. మీ ఆస్తిని, మీ సర్వర్ నుంచి, మీరు అనుమతించిన మార్గంలో ఒక దొంగ తీసుకుపోతే ఆ నష్టం నా ఖాతాలో ఎందుకు రాయాలి? పైగా ఈ పాయింట్లు ఊరికే వచ్చినవి కావు. డబ్బు పెట్టి కొన్న టికెట్లకూ, ఏటా రుసుము కట్టే కో-బ్రాండెడ్ కార్డు ఖర్చుకూ వచ్చినవి. కాబట్టి ఇది 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) చెప్పే సేవాలోపం కిందికే వస్తుందని నా వాదన.

మీ నుంచి కోరుతున్నవి ఇవి.

1,84,000 పాయింట్లు పాయింట్లుగానే తిరిగి జమ చేయాలి, డిస్కౌంట్ కూపన్లుగా కాదు. వాటిలో 41,200 పాయింట్ల గడువు 2025 డిసెంబర్ 31. విచారణలో గడిచే కాలం నా గడువును తినేయకూడదు కాబట్టి, వాటికి జమ చేసిన రోజు నుంచి 12 నెలలు ఇవ్వాలి.

12 ఓచర్లలో ఇంకా వాడనివి ఈరోజే రద్దు చేయించండి. వాడినవాటికి ఏ తేదీన, ఏ సమయంలో వాడారో రాతపూర్వకంగా ఇవ్వండి. సెప్టెంబర్ 14 ఉదయం 9:35 తర్వాత వాడిన ప్రతి ఓచరూ నేను ఆపమన్న తర్వాత పోయినదే.

అవార్డు టికెట్లకు పన్నులు పాయింట్లతో కట్టలేరు, ఏదో కార్డుతో కట్టి ఉంటారు. అది నా కార్డు కాదు, నా ఏ కార్డు మీదా ఆ రోజు అలాంటి చెల్లింపు లేదు. చొరబాటుదారు వదిలిన గట్టి ఆనవాలు బహుశా ఇదే. ఆ చెల్లింపు వివరాలు, లాగిన్ ఐపీ చిరునామా, పరికరం గుర్తులు, ఓచర్లు వెళ్లిన మెయిల్ చిరునామా, మా కాల్ రికార్డింగ్ చెరిగిపోకుండా భద్రపరచండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. సెప్టెంబర్ 14 నుంచి లెక్కిస్తే అది 2026 మార్చి 13తో ముగుస్తుంది. పోలీసు విచారణ అంతకంటే ఎక్కువ సాగవచ్చు కాబట్టి ఈ కేసు లాగ్‌లను విడిగా తీసి పెట్టమని కోరుతున్నాను.

ఆ ఇద్దరు ప్రయాణికుల వివరాలు నాకు వద్దు. తక్కువ ధరకు టికెట్ దొరికిందని ఎవరి దగ్గరో కొనుక్కున్న మామూలు మనుషులు కూడా అయి ఉండవచ్చు. వాళ్ల పేర్లు, వాళ్లకు టికెట్ అమ్మినవారి ఆచూకీ పోలీసులకు ఇవ్వండి. ఐటీ చట్టం సెక్షన్ 66సి, 66డి కింద సెప్టెంబర్ 14నే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేశాను. రసీదు జత చేశాను.

ఖాతాకు కొత్త సభ్యత్వ సంఖ్య ఇచ్చి, పాత సంఖ్య మీద పాయింట్ల వాడకం పూర్తిగా ఆపండి. ఆ ఇద్దరు నామినీలను తొలగించండి. నేను మెయిల్, మీ ఖాతా రెండింటి పాస్‌వర్డ్‌లూ మార్చాను, తెరిచి ఉన్న సెషన్లన్నీ మూయించాను. పాత సభ్యత్వ సంఖ్య మాత్రం చొరబాటుదారు దగ్గర ఇంకా ఉంది.

గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదును నెలలోపు పరిష్కరించాలని 2011 నాటి ఐటీ నియమాల్లోని 5(9) చెబుతోంది. అక్టోబర్ 22లోగా రాతపూర్వకమైన జవాబు కోసం చూస్తాను. అది రాకపోయినా, మళ్లీ ముందటి జవాబే వచ్చినా, ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, తర్వాత ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు కాబట్టి నేను మీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి రానక్కర్లేదు. కానీ అక్కడిదాకా పోకుండా, రికార్డింగ్ విని, లాగ్‌లు చూసి మీరే సరిచేస్తారని ఆశిస్తున్నాను.

మీ భద్రతా బృందం ఫోన్ చేయాలనుకుంటే ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు నమోదైన నంబరుకే చేయండి. ఓటీపీ గానీ పాస్‌వర్డ్ గానీ ఫోన్‌లో చెప్పను, మీ పేరు చెప్పుకుని ఎవరు అడిగినా సరే.

ఇట్లు,
పి. మాధవి
పటమట, విజయవాడ

జతపరిచినవి: (1) ఆగస్టు, సెప్టెంబర్ ఖాతా స్టేట్‌మెంట్లు, (2) మీ నాలుగు మెయిళ్లు,.eml రూపంలో, (3) సెప్టెంబర్ 14 ఇన్‌బాక్స్ స్క్రీన్‌షాట్లు 9, (4) మెయిల్ లాగిన్ చరిత్ర, ఫిల్టర్ పేజీ, (5) ఆ రాత్రి ఎస్సెమ్మెస్‌ల జాబితా, ఉదయం 9:12 కాల్ వివరం, (6) సైబర్ నేర ఫిర్యాదు రసీదు, (7) సెప్టెంబర్ 19 నాటి మీ జవాబు, (8) గుర్తింపు పత్రం నకలు, చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి మూసి, (9) ఈ లేఖ ఇంగ్లీషు ప్రతి.