'నేటి ధర' ఫీచర్: ప్రొడక్ట్ అవసరాల పత్రం

వెర్షన్ 0.3, సమీక్ష కోసం
చదవాల్సినవాళ్లు: డిజైన్, ఆండ్రాయిడ్, బ్యాకెండ్, ఫీల్డ్ బృందాలు
గడువు: జనవరిలో కొత్త మిర్చి యార్డులకు రావడం మొదలయ్యేలోపు

ఎందుకు చేస్తున్నాం

పోయిన సీజన్‌లో మన ఫీల్డ్ బృందం ఓ మిర్చి యార్డులో నాలుగు రోజులు గడిపింది. మూడెకరాల కౌలు రైతు ఒకాయన రాత్రి పదింటికి 22 బస్తాలతో దిగారు. ఊళ్లో ఉండగా వాట్సాప్‌లో ఆయన చూసింది జెండా పాట. తెల్లారి ఖరీదుదారు వచ్చి, నాలుగు కాయలు విరిచి చూసి, తేమ ఉందని వేసిన ధర దానికంటే మూడు వేలు తక్కువ. "ఇది ముందే తెలిస్తే ఇంకో రెండు రోజులు కల్లంలో ఆరబెట్టుకుని వచ్చేవాణ్ని కదా సార్" అన్నారు. వెనక్కి తీసుకెళ్దామంటే మళ్లీ బండి కిరాయి. అక్కడే అమ్మేశారు.

జెండా పాట అబద్ధం కాదు. కానీ అది ఆ రోజు వచ్చిన మేలైన లాట్‌కు పలికిన ధర. చిన్న రైతుకు తెలియాల్సింది తనలాంటి కాయకు ఎంత పడుతోందన్నది, అదీ బండి మాట్లాడుకోకముందే. ఈ ఫీచర్ పని అంతే.

మొదటి విడత పరిధి

పంట మిర్చి ఒక్కటే. మార్కెట్లు ఖమ్మం, వరంగల్ ఏనుమాముల, గుంటూరు. పత్తి రెండో విడతలో. మిర్చికి కేంద్రం మద్దతు ధర లేదు, పత్తికి ఉంది. పైగా పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ కొనుగోలులో తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. ఆ లెక్కకు వేరే స్క్రీన్ కావాలి. ఇప్పుడే కలిపితే రెండూ చెడతాయి.

ధర ఎలా చూపాలి

ఆగ్‌మార్క్‌నెట్ సమాచారంలో క్వింటాకు మూడు ధరలుంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. పెద్ద అక్షరాల్లో కనిపించాల్సింది `modal_price`. 'మోడల్ ధర' అంటే రైతుల్లో చాలామందికి అర్థం కాలేదు, అందుకే స్క్రీన్ మీద ఇలా ఉండాలి (అంకెలు నమూనాకే):

```
ఖమ్మం, తేజ
ఎక్కువ సరుకు అమ్ముడైన ధర: రూ.13,200
తక్కువ: రూ.9,000   ఎక్కువ: రూ.14,500
మంగళవారం ధర. ఇవాళ్టిది ఇంకా రాలేదు.
```

చివరి వరుస తప్పనిసరి. మార్కెట్ సెలవైనా, డేటా ఆలస్యమైనా పాత ధరను నేటిదిగా చూపడం ఈ ఫీచర్‌లో అన్నిటికన్నా పెద్ద తప్పు. `arrival_date` ఇవాళ్టిది కాకపోతే రంగు మారాలి, ఏ రోజుదో మాటల్లో రాయాలి. మూడు రోజులు దాటితే అంకె తీసేసి 'తాజా ధర లేదు' అనాలి. ఖాళీ స్క్రీన్ చూసి రైతు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. తప్పు అంకె నమ్మి బండి కట్టకూడదు.

కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చే ఏసీ మిర్చిని, కొత్త మిర్చిని కలిపి చూపొద్దు. తాలు కాయ ధర కూడా విడిగానే ఉండాలి. డేటాలో ఆ తేడా లేని రోజున 'రకం తెలియదు' అని రాయాలి, మనం ఊహించి నింపకూడదు.

చేతికొచ్చేది ఎంత

బస్తాలు, ఒక్కో బస్తా బరువు, బండి కిరాయి రైతు వేస్తారు. హమాలీ, కాంటా, అడ్తి ఖర్చులు ఆయన పోయినసారి అమ్మినప్పుడు ఇచ్చిన లెక్క చీటీ, అంటే తక్‌పట్టీ, చూసి వేసుకోవచ్చు. మార్కెట్‌ను బట్టి ఇవి మారతాయి కాబట్టి మన తరఫున ఏ శాతమూ ముందే పెట్టొద్దు. రెండు మార్కెట్లు పక్కపక్కన కనిపించాలి. క్వింటాకు 300 ఎక్కువని దూరం వెళ్తే, ఆ 300 కిరాయికే పోవచ్చు.

ఫోన్, భాష

2 జీబీ ర్యామ్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడవాలి. నెట్ లేకుంటే చివరిసారి వచ్చిన ధర, అది మూడు రోజులు దాటనిదైతే, తేదీతో సహా కనిపించాలి. చదవలేనివాళ్లకు ధర పక్కన స్పీకర్ బొమ్మ: నొక్కితే మార్కెట్, రకం, రోజు, ధర ఆ వరుసలో వినిపించాలి. 'పదమూడు వేల రెండొందలు' అనాలి, అంకెలు విడివిడిగా కాదు. బటన్ నొక్కుళ్లు మూడు దాటొద్దు.

చేయనివి

రేపటి ధర అంచనా వేయం. అమ్మండి, ఆపండి అని చెప్పం. కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా వద్దా అన్నది అప్పులు, వడ్డీ తెలిసిన రైతు నిర్ణయం. ఈ స్క్రీన్ మీద వ్యాపారుల ప్రకటనలు ఉండవు. రైతు వేసిన బస్తాల లెక్క ఫోన్ దాటి బయటికి పోదు.

బాగా పనిచేసిందని ఎలా తెలుస్తుంది

డౌన్‌లోడ్‌లు కొలమానం కాదు. పైలట్‌లో 200 మంది రైతులను, ఇష్టపడితేనే, తక్‌పట్టీ ఫొటో అడుగుతాం. పేరు, ఫోన్ నంబరు చెరిపాకే దాచుకుంటాం. ఆ రోజు మనం చూపిన ధరకూ ఆయనకు పడిన ధరకూ తేడా పది శాతంలోపు ఉన్నవాళ్లు ప్రతి పదిమందిలో ఏడుగురుండాలి. అంతకు తగ్గితే కొత్త మార్కెట్లు కలపడం ఆపేస్తాం.

తేలాల్సింది

జెండా పాట అసలు చూపాలా? రైతులు దాన్నే అడుగుతున్నారు. చూపకపోతే యాప్‌కు ఏమీ తెలియదనుకుంటారు. నా మాట: చిన్న అక్షరాల్లో, అడుగున, 'మేలైన లాట్‌కు మాత్రమే' అన్న మాటతో చూపుదాం. శుక్రవారం సమీక్షలో ఫీల్డ్ బృందం అభిప్రాయం విన్నాకే దీన్ని ఖాయం చేద్దాం.