డిసెంబర్ 12, 13 తారీఖుల్లో గిరీశం మళ్లీ మన ఊళ్లో

ఎట్టకేలకి డేట్లు ఖాయమయ్యాయండీ. డిసెంబర్ 12 శనివారం, 13 ఆదివారం, విజయనగరం ఆనందగజపతి ఆడిటోరియంలో మేం ‘కన్యాశుల్కం’ వేస్తున్నాం. 1892లో ఈ నాటకం మొదట ఆడింది ఈ ఊళ్లోనే, గురజాడ వారు అంకితమిచ్చింది ఆనందగజపతి మహారాజుకే, కర్టెన్ లేవగానే కనపడేదీ మన బొంకులదిబ్బే, ఇక వేరే ఊళ్లో మొదలుపెట్టడానికి మాకు మనసొప్పలేదు.

మొత్తం నాటకం ఆడితే తెల్లారిపోతుంది కాబట్టి 1909 నాటి రెండో కూర్పులోంచి రెండుంపావు గంటలకి కుదించాం, మధ్యలో పది నిమిషాల బ్రేక్. ఏ సీను తీసేద్దామన్నా మాలో ఎవరో ఒకళ్లు అలిగారు. కోర్టు గొడవలు చాలావరకు పోయాయి గానీ మధురవాణి సీన్ల మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. డైలాగుల్లో యాస కూడా మార్చలేదు, అది మార్చేస్తే ఇంక మిగిలేదేముంది చెప్పండి.

లుబ్ధావధాన్లుకి పెళ్లికూతురుగా అంటగట్టే శిష్యుడి వేషం మా దగ్గర ఒక డిగ్రీ అమ్మాయి వేస్తోంది. అంటే అమ్మాయి అబ్బాయిగా వచ్చి, ఆ అబ్బాయి మళ్లీ ఆడపిల్ల వేషం కట్టి, ముసుగులో మగపిల్లాడిలా కూచోవాలన్నమాట, రిహార్సల్లో మా డైరెక్టర్ గారే రెండుసార్లు తికమక పడి తనని ‘ఒరేయ్’ అనేశారు. మధురవాణి కంటె గిల్టుదే, మొన్న రిహార్సల్లో కొక్కెం ఊడి హార్మోనియం కింద దూరిపోతే అరగంట వెతుక్కున్నాం, ఇప్పుడు దారం కట్టి పెట్టాం, ముందు వరసలో కూచునేవాళ్లు చూసీ చూడనట్టు వదిలెయ్యాలి.

షోలు మూడు: శనివారం సాయంత్రం 6:30కి ఒకటి, ఆదివారం పొద్దున్న 10:30కి, సాయంత్రం 6:30కి. అరగంట ముందు గేటు తీస్తాం. టైముకి మొదలుపెట్టేస్తాం, నిజంగానే. లేటుగా వస్తే సీను అయ్యేదాకా బయట ఆగాలి, ఆ పాటికి గిరీశం మొదటి మాటలు అయిపోతాయి, తర్వాత మమ్మల్ని అని లాభం లేదు.

టికెట్ 150 రూపాయలు, ముందు నాలుగు వరసలు 250, స్టూడెంట్స్‌కి ఐడీ కార్డు చూపిస్తే 80, పదేళ్ల లోపు పిల్లలకి ఫ్రీ. సీటు నంబర్లు లేవు, ముందొచ్చినవాళ్లకి ముందు. ఏ షోకి ఎంతమందో రాసి ఈ పేజీకి మెసేజ్ పెడితే పేర్లు రాసుకుంటాం, డబ్బులు గేటు దగ్గర క్యాష్ గానీ ఫోన్‌పే గానీ ఇవ్వొచ్చు. షోకి పావుగంట ముందు వరకే మీ టికెట్లు ఉంచుతాం, తర్వాత క్యూలో ఉన్నవాళ్లకి ఇచ్చేస్తాం. ఆదివారం పొద్దున్న షోకి జనం కాస్త తక్కువుంటారు, ఇంట్లో పెద్దవాళ్లని తెచ్చేవాళ్లు దానికి రండి, మెట్ల దగ్గర మా కుర్రాళ్లు ఉంటారు.