మిగతాది రేపు

ఆ పొద్దున సుమతి టీచర్ టిఫిన్ కూడా చెయ్యకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. 2020 డిసెంబరు 15, మంగళవారం. యాహూ గ్రూప్స్‌కి ఇదే ఆఖరు రోజని అక్టోబరులోనే చెప్పారు. ఫొటోలూ ఫైళ్లూ అంతకుముందే తీసేస్తామంటే, శాన్ హోజేలో ఉన్న వసంత రాత్రుళ్లు కూర్చుని అన్నీ దించుకుని దాచింది. అప్పటినుంచి గ్రూపుకి మిగిలిన పని ఉత్తరాలు చేరవెయ్యడం ఒక్కటే. ఈరోజుతో అదీ ఆగిపోతుంది.

"మీ 15వ తేదీయో మా 15వ తేదీయో తెలీదే. మాకింకా 14 సాయంత్రమే. రాయాల్సిందేమన్నా ఉంటే ఇప్పుడే రాసెయ్యండి" అని వసంత మెయిల్ పెట్టింది.

ఎవరూ ఏమీ రాయలేదు. 1976 టెన్త్ బ్యాచ్ అంతా ఎప్పుడో వాట్సాప్‌కి వెళ్లిపోయింది. అక్కడ పొద్దున్నే పువ్వులు, దేవుళ్లు, ఫార్వర్డ్ చేసిన కషాయాలు. సుమతి కూడా వాటికి దణ్ణం బొమ్మ పెడుతూనే ఉంటుంది. కానీ తీరిగ్గా కూర్చుని రాసుకున్న ఉత్తరాలన్నీ ఇక్కడే ఉన్నాయి. 2001లో వసంత ఈ గ్రూపు మొదలుపెట్టినప్పటినుంచీ వచ్చిన ప్రతి మెయిల్‌నీ సుమతి ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంది. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన మనిషి, పిల్లల కాంపోజిషన్ నోటుబుక్కులే పారెయ్యలేకపోయింది, వీటినెలా పారేస్తుంది?

పై నుంచి చదవడం మొదలుపెట్టింది. మొదటి ఉత్తరాలు తెలుగే కానీ ఇంగ్లీషు అక్షరాల్లో. కూడబలుక్కుంటే గానీ అర్థం కావు. రమాదేవి కొడుకు లేఖిని సైటు చూపించాక అందరూ తెలుగు అక్షరాల్లోకి వచ్చారు. ఆ మొదటి వారమంతా ఎవరి పేరు వాళ్లు రాసుకుని మురిసిపోవడమే.

2007 ఆగస్టు 25 దగ్గర చెయ్యి ఆగింది. శనివారం రాత్రి. లుంబినీ పార్కులోనూ కోఠీ గోకుల్ చాట్‌లోనూ బాంబులు పేలిన రోజు. ఫోన్లు కలవలేదు. "ఎక్కడున్నారు?" అని ఒక్క మాట రాసింది నిర్మల. కింద వరసగా జవాబులు. "ఇంట్లోనే." "ఇంట్లోనే, మా ఆయన కూడా వచ్చేశారు." "నేను బాగానే ఉన్నా, మా చిన్నది కోఠీ వెళ్లింది, ఇంకా రాలేదు." అది రమాదేవి. పదకొండింటికి మళ్లీ ఆవిడే: "వచ్చింది. నడిచి వచ్చింది." దాని కింద ఎవరూ ఏమీ అనలేదు. అంతసేపూ అందరూ మేలుకునే ఉన్నారని సుమతికి తెలుసు, తనూ మేలుకునే ఉంది.

2009 డిసెంబరు ఉత్తరాలు గబగబా దాటేసింది. తెలంగాణ ప్రకటన వచ్చిన వారం. సొంతూరు గుంటూరైన రమాదేవీ, సొంతూరు వరంగలైన నిర్మలా అనుకోకూడని మాటలన్నీ అనుకున్నారు. ఆ తర్వాత ఒక నెల ఎవరూ నోరెత్తలేదు. చివరికి నిర్మలే రాసింది: "రమా, నీ కూతురి సంబంధం కుదిరిందటగా. మాకు చెప్పకుండానే చేసేస్తావా?" పెళ్లిలో వడ్డన దగ్గర నిలబడింది నిర్మలే.

2011కి వచ్చేసరికి కుసుమ.

కుసుమది బ్యాంకు ఉద్యోగం, ఉండేది బర్కత్‌పురాలో. రాత్రి భోజనాలయ్యాక కూర్చుని రాసేది. ఎవరు ఏ రంగు రిబ్బను కట్టుకునేవారో, ఎవరి టిఫిన్ డబ్బాలో ఏ రోజు ఏం ఉండేదో అన్నీ గుర్తు. ఆ ఏడు మొదలుపెట్టింది "సాగర్ యాత్ర" అని. 1975 డిసెంబరులో స్కూలు వాళ్లు నాగార్జునసాగర్ తీసుకెళ్లిన కథ. ఒకటో భాగం బస్సులో పాటలు, రెండోది డ్యామ్, మూడోది ఇసక మీద కూర్చుని తిన్న పులిహోర. నాలుగో భాగాన్ని సుమతి నెమ్మదిగా చదివింది.

"తిరుగు ప్రయాణంలో ఇబ్రహీంపట్నం ఇంకా రాకముందే బస్సు ఆగిపోయింది. ఎనిమిదయ్యింది. డ్రైవరు లారీ ఎక్కి మెకానిక్ కోసం వెళ్లాడు. చలి. ఆకలి. వసంత ఏడుపు మొదలుపెట్టింది (ఏడ్చావు, కాదనకు). దూరంగా ఒక దీపం కనిపించింది. టీచర్ని బతిమాలి నేనూ, ఇంకొకతీ ఆ దీపం వైపు నడిచాం. గంట తర్వాత మేం సత్తు గిన్నె నిండా ఉడకేసిన పల్లీలు పట్టుకొచ్చాం. మీరంతా తిన్నారు. ఎవరిచ్చారని ఎవరూ అడగలేదు. ఆ దీపం దగ్గర ఎవరున్నారో మిగతాది రేపు రాస్తాను."

ఆ రేపు రాలేదు. మూడో రోజు పొద్దున కుసుమ గుండె ఆగి పోయింది.

ఆ ఉత్తరాన్ని సుమతి అప్పట్లో ఏడుస్తూ చదివింది. ఈరోజు కళ్లు పొడిగానే ఉన్నాయి, అందుకే ఒక సంగతి కనిపించింది. వసంత ఏడుపుని కూడా పేరు పెట్టి రాసిన మనిషి, తనతో నడిచిన పిల్ల పేరెందుకు రాయలేదు? కుసుమ మరిచిపోయే మనిషి కాదు. కావాలనే ఆపింది.

టైము చూసుకుంది. పదిన్నర. లోపల గదిలో మనవడి ఆన్‌లైన్ క్లాసు, "మేడమ్, వాయిస్ రావట్లేదు" అని ఒకటే గోల. సుమతి నాలుగు భాగాలూ ఒకే మెయిల్లో పెట్టి, కింద రాసింది: "కుసుమతో వెళ్లింది ఎవరు? ఈ గ్రూపు ఉండగానే తెలుసుకోవాలనుంది. ఉన్నవాళ్లు చెప్పండి." పంపించింది.

రమాదేవి రాసింది, నేను కాదు, నాకు జ్వరం, బస్సులో పడుకునే ఉన్నా అని. నిర్మల, నేనూ కాదు అంది. వసంత అయితే, "నేను ఏడ్చిన మాట నిజమే. పల్లీలు వెచ్చగా ఉన్నాయి, అదొక్కటే గుర్తు" అని రాసింది.

పన్నెండు దాటింది. అప్పుడొచ్చింది ఒక మెయిల్, గ్రూపుకి కాదు, సుమతి ఒక్కదానికే. యాదమ్మ నుంచి.

యాదమ్మ హాస్టల్ పిల్ల. చివరి బెంచి. తర్వాత సర్కారు దవాఖానాలో నర్సు అయింది, హెడ్ నర్సుగా రిటైరైంది, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటోంది. 2004లో బ్యాంకు కౌంటర్ దగ్గర కనబడితే కుసుమే గ్రూపులో చేర్చింది. ఈ పదహారేళ్లలో యాదమ్మ ఒక్క ముక్క రాయలేదు. అసలు చదువుతోందో లేదో కూడా ఎవరికీ తెలీదు.

"సుమతీ, నేనే. ఆ దీపం మా అమ్మది. రోడ్డు పనికి కంకర కొట్టేది. పని ఎక్కడుంటే అక్కడ గుడిసె వేసుకుని ఉండేవాళ్లు. ఆ నెల అక్కడ ఉన్నారని నాకు తెలుసు. బస్సు ఆగంగనే గుర్తుపట్టిన. క్లాసులో మాత్రం మా అమ్మ ఊళ్లో ఎవుసం చేస్తుందని చెప్పుకున్న. కుసుమ దీపం చూసి పోదామంటే, ఇంకెవరన్నా పోతే తెలిసిపోతదని నేనే లేచిన.

అమ్మ నన్ను చూసి బిడ్డా అని ఉరికొచ్చింది. కుసుమ ముందల నేను అమ్మా అని పిలువలేదు. నీళ్లియ్యమని అడిగిన, తెలియని మనిషిని అడిగినట్టు. మా అమ్మకు సమజయింది. ఆమె కూడా నన్ను బిడ్డా అనుడు ఆపేసి, మీరెంతమంది ఉన్నరమ్మా అని కుసుమను అడిగింది. తెల్లారితే గుడిసెల వాళ్లందరికీ పంచాలని తెచ్చిన పల్లికాయ మొత్తం పొయ్యి మీద పెట్టింది. ఉడికేదాంక కుసుమ మాట్లాడుతనే ఉంది, నేను చెయ్యి కాచుకుంటూ కూసున్న. వచ్చేటప్పుడు దారిలో కుసుమ నా చెయ్యి పట్టుకుని, మీ అమ్మ ముక్కూ నీ ముక్కూ ఒకటే, అంది. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ముప్పై అయిదేండ్లు ఎవరికీ చెప్పలేదు.

నాలుగో భాగం రాసినంక తెల్లారి ఫోన్ చేసింది. నీ పేరు రాయలేదు, రేపటిది రాయాలా వద్దా నువ్వే చెప్పు, అంది. ఆలోచించి చెప్తనన్న. అమ్మ అప్పటికే పోయింది. రాయనీ, రాస్తే ఏమైతది అని నాకే అనిపించింది. చెప్పాలని ఫోన్ చేస్తే వాళ్లబ్బాయి ఎత్తిండు.

నాకు గ్రూపుకు పంపుడు చాతకాదు. నువ్వు పెట్టు. నా పేరుతోనే పెట్టు."

సుమతి వెంటనే ఫోన్ చేసింది. మూడు రింగులకే యాదమ్మ ఎత్తింది.

"చదివినవా?"

"చదివానే. అన్నీ చదువుతున్నావా నువ్వు, ఇన్నేళ్లూ?"

"చదవకపోతే ఎట్ల? డ్యూటీ నుంచి వచ్చి చదివి పడుకునేదాన్ని. బాంబులప్పుడు నేను వార్డుల ఉన్న. తెల్లారి ఇంటికొచ్చి చూస్తే మీరందరూ ఇంట్లోనే అని రాసిన్రు. అది చూసినంకనే ఇంత తిన్న."

సుమతికి మాట రాలేదు. అవతల యాదమ్మే అంది, "పెడతవా మరి? ఒంటిగంట కావస్తుంది."

"పెడతాను. ఉండు, మీ అమ్మ పేరు చెప్పు. నువ్వు ఎక్కడా రాయలేదు."

"మల్లమ్మ."

సుమతి పైన "సాగర్ యాత్ర, అయిదో భాగం" అని టైప్ చేసింది. దాని కింద "కుసుమ చెప్పాలనుకున్నది, యాదమ్మ రాసింది." ఉత్తరంలో ఒక్క అక్షరం దిద్దలేదు. ఇన్నేళ్ల టీచరు ఉద్యోగంలో దిద్దకుండా ఒక్క కాగితం వదల్లేదు, దీన్ని మాత్రం "పిలువలేదు", "సమజయింది" ఎలా ఉన్నవి అలాగే ఉంచింది. "మా అమ్మది" అన్నచోట పక్కన మల్లమ్మ అని చేర్చి, యాదమ్మకి చదివి వినిపించి, సరేనన్నాక పంపింది.

అయిదు నిమిషాలు ఏమీ రాలేదు. వెళ్లలేదేమోనని సుమతికి టెన్షన్. మనవణ్ణి పిలవబోతుంటే తన మెయిలే తనకి గ్రూపునుంచి తిరిగొచ్చింది. వెళ్లింది. దాని వెనకే నిర్మల: "యాదమ్మా, నీ నంబరు ఇవ్వు." రమాదేవి: "ఆ రోజు జ్వరంలో నేను తిన్నది ఆ పల్లీలే. అమ్మకి నా నమస్కారం." వసంతది చివరికి వచ్చింది: "ఇక్కడ రాత్రి పదకొండున్నర. మా ఆయన్ని లేపి చదివి వినిపించాను. యాదమ్మా, వాట్సాప్‌లో నిన్నెవరు చేర్చుతారో వాళ్లు ముందు ఇది అక్కడ పెట్టండి, తర్వాత పువ్వులు పెట్టుకోవచ్చు."

ఆ తర్వాత ఇంకెవరిదీ రాలేదు. గ్రూపు ఆగిపోయిందో, భోజనాల వేళయిందో.

యాదమ్మ ఇంకా లైన్లోనే ఉంది. సుమతి వచ్చినవన్నీ ఒక్కొక్కటే చదివి వినిపించింది. రమాదేవిది రెండుసార్లు చదవమంది.

"ఇబ్రహీంపట్నం దాటినంక రోడ్డు ఇప్పుడు పెద్దగ చేసిన్రు," అంది యాదమ్మ. "గుడిసెలుండే జాగ నేను చూపిస్త. కరోనా తగ్గంగనే పోదామా?"

"తగ్గేదాకా ఎందుకు? మా అబ్బాయి కారుంది. మాస్కులు పెట్టుకుని ఆదివారం పోదాం. రమాదేవిని కూడా ఎక్కించుకుందాం."

"పల్లికాయ నేను తెస్త," అంది యాదమ్మ.