విజయదశమికి ఫ్లాట్ చూడటానికి రండి, నిర్ణయం తర్వాత తీసుకోండి

దసరా రోజు మంచి పని మొదలుపెట్టాలని మనందరికీ ఉంటుంది. అంతమాత్రాన ఒక్క రోజులోనే లక్షల రూపాయల నిర్ణయం తీసుకోమనడం న్యాయం కాదు. హైదరాబాద్ శివారు బీరంగూడలో మేం కడుతున్న 90 ఫ్లాట్లలో ఇంకా 38 ఉన్నాయి. నచ్చినదాని మీద పండగ రోజు 1,116 రూపాయలు కట్టండి. కార్తీక పౌర్ణమి దాకా ఆ ఫ్లాట్ ఇంకెవరికీ అమ్మం. ఈలోగా వద్దనుకుంటే కారణం అడగకుండా మొత్తం వెనక్కి ఇస్తాం.

పండగ తగ్గింపు చదరపు అడుగుకు 100 రూపాయలు. 5,300 ఉన్న రేటు 5,200 అయింది. పౌర్ణమి దాకా ఎవరు ఎప్పుడు వచ్చినా ఇదే రేటు. బంగారు నాణేలు, లక్కీ డ్రాలు పెట్టలేదు. ఆ ఖర్చు చివరికి మీ ఫ్లాట్ ధరలోనే కలుస్తుంది.

1,180 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ లెక్క చూడండి. ఇందులో కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మీరు వాడుకునే చోటు, 826 అడుగులే. ఫ్లాట్‌కు 61,36,000, కార్ పార్కింగ్‌, సదుపాయాలకు 4,00,000, జీఎస్టీ 5 శాతం కింద 3,26,800, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం చొప్పున 4,90,200. అన్నీ కలిపి 73,53,000 రూపాయలు. తాళాలు తీసుకునేటప్పుడు, భవనం నిర్వహణ కోసం దాచే కార్పస్ ఫండ్ 50,000 వేరుగా ఉంటుంది. ఇంటి లోన్‌కు వెళ్లేముందు ఈ మొత్తమే బ్యాంకులో చెప్పండి, చాలామంది మొదటి అంకె ఒక్కటే చూసుకుని తర్వాత ఇబ్బంది పడుతున్నారు.

కొన్ని విషయాలు వచ్చే ముందే తెలియాలి. మంజీరా నీటి కనెక్షన్ ఇంకా రాలేదు, ప్రస్తుతం బోరు నీళ్లే. ముందున్న రోడ్డు 30 అడుగులది. పడమర ఫ్లాట్లకు మధ్యాహ్నం ఎండ గట్టిగా తగులుతుంది. దగ్గరి మెట్రో స్టేషన్ మియాపూర్. పటాన్‌చెరు దాకా మెట్రో వస్తుందన్న మాట చెప్పి ఫ్లాట్ అమ్మం. సి బ్లాక్‌లో ఇప్పుడు నాలుగో స్లాబు నడుస్తోంది. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాకు ఇచ్చిన గడువు 2027 డిసెంబరు.

పైన మూలన అచ్చయిన రెరా నంబరును rera.telangana.gov.in లో కొట్టి చూడండి. స్థలం చేతులు మారిన లింక్ డాక్యుమెంట్లు, దాని మీద జరిగిన లావాదేవీలు చూపే 30 ఏళ్ల ఈసీ జిరాక్సులు సైట్ ఆఫీసులోనే ఇస్తాం, మీ లాయరుకు చూపించండి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ కాకముందు ధరలో 10 శాతం మించి తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు, మేమూ అడగం. తాళాలు ఇచ్చాక ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే మా ఖర్చుతోనే బాగుచేయాలి. ఇది కూడా చట్టంలో ఉన్నదే, అగ్రిమెంట్‌లో ఆ పేజీ చదివాకే సంతకం పెట్టండి.

పండగ రోజు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా సైట్ తెరిచి ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లను కూడా తీసుకురండి, ఎ బ్లాక్‌లో లిఫ్ట్ పనిచేస్తోంది. పౌర్ణమికి వారం ముందు గుర్తు చేయడానికి ఒక్కసారి ఫోన్ చేస్తాం, అంతే.