రక్తం ఎక్కించేటప్పటి పర్యవేక్షణ చార్టు: ఫీమేల్ మెడికల్ వార్డు, బెడ్ 14

బెంగళూరులోని మన వార్డుకు కొత్తగా వచ్చిన తెలుగు సిస్టర్ల కోసం, నింపిన చార్టునే ప్రతి తీసి ఇస్తున్నాను. రోగి పేరు తీసేశాను. మీ చార్టులో మాత్రం పేరు, ఆసుపత్రి నంబరు చేతి పట్టీలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయాలి.

రోగి: 46 ఏళ్ల మహిళ, మదనపల్లె వైపు. గర్భసంచిలో గడ్డలు, అధిక రక్తస్రావం. హిమోగ్లోబిన్ 6.2. గ్రూపు బి పాజిటివ్. ఇదివరకు రెండుసార్లు రక్తం ఎక్కించారు, ఇద్దరు పిల్లలు. సమ్మతి పత్రం ఉంది.

బ్యాగు: ఎర్ర కణాలు, 280 మి.లీ. బ్లడ్ బ్యాంక్ నుంచి 10:20కి వచ్చింది, 10:35కి మొదలు. తెచ్చిన 30 నిమిషాల్లో మొదలుపెట్టాలి, 4 గంటల్లో ముగించాలి. ఆలస్యమైతే వార్డు ఫ్రిజ్‌లో పెట్టకండి, తిరిగి పంపేయండి.

మంచం దగ్గర సరిచూపు: ఇద్దరు సిస్టర్లు, ఇద్దరి సంతకాలు. "మీ పేరు లక్ష్మమ్మేనా?" అన్నట్టు అడగవద్దు, నీరసంలో ఎవరైనా ఊఁ అంటారు. "మీ పేరు చెప్పండమ్మా" అనాలి. ఆ తర్వాత చేతి పట్టీ, బ్యాగు నంబరు, గ్రూపు, గడువు తేదీ, బ్యాగులో గడ్డలు, రంగు తేడా, లీకు. ఫిల్టరున్న బ్లడ్ సెట్టే వాడాలి. అదే లైనులో నార్మల్ సెలైన్ తప్ప ఏ మందూ, ఏ గ్లూకోజూ వెళ్లకూడదు.

| సమయం | జ్వరం (ఫారన్‌హీట్) | మొదటికంటే తేడా | పల్స్ | బీపీ | శ్వాస | ఆక్సిజన్ % | చుక్కలు/ని. | రోగి మాట |
|---|---|---|---|---|---|---|---|---|
| 10:25, మొదలుకు ముందు | 98.2 | – | 96 | 110/70 | 18 | 98 | – | "బాగానే ఉంది" |
| 10:50, 15 ని. | 98.4 | 0.2 | 94 | 112/70 | 18 | 98 | 20 నుంచి 30కి | "ఏం లేదు" |
| 11:05, 30 ని. | 98.6 | 0.4 | 98 | 110/70 | 18 | 98 | 30 | "నిద్రొస్తోంది" |
| 11:20, 45 ని. | 100.6 | 2.4 | 118 | 104/66 | 22 | 97 | ఆపాం | "చలేస్తోంది సిస్టర్, దుప్పటి కప్పు" |
| 11:30 | 101.2 | 3.0 | 120 | 106/68 | 22 | 97 | సెలైన్ | "వణుకు తగ్గలేదు" |
| 12:30 | 99.4 | 1.2 | 100 | 110/70 | 18 | 98 | సెలైన్ | "ఇప్పుడు నయం" |

రియాక్షన్ లేకపోతే మొదటి గంట 15 నిమిషాలకోసారి, తర్వాత 30 నిమిషాలకోసారి, ముగిసినప్పుడు, ముగిసిన గంటకు చూడాలి. మొదటి 15 నిమిషాలు మంచం దగ్గర నుంచి కదలకండి. ప్రాణం తీసే రియాక్షన్లు చాలావరకు కొద్ది రక్తం వెళ్లగానే మొదలవుతాయి.

"తేడా" గడి నేను పట్టుబట్టి పెట్టించాను. 100.6 విడిగా చూస్తే "కాస్త జ్వరం" అనిపిస్తుంది. పక్కనే 2.4 కనబడితే చేయి ఆగుతుంది. 1.8 పెరిగి 100.4 తాకితే రియాక్షన్ అనే అనుకోవాలి. రోగి మాట గడి కూడా అంతే ముఖ్యం. నడుం లాగుతోందన్నా, ఛాతీ పట్టేసిందన్నా, దురద, ఆయాసం, సూది దగ్గర మంట, "ఏదో అయిపోతోంది" అన్న భయం, ఏదైనా ఆమె అన్నట్టే రాయండి. జ్వరం లేకపోయినా ఆపండి.

రియాక్షన్ అనుమానిస్తే

ముందు రక్తం ఆపాలి. డాక్టరు వచ్చేదాకా "నెమ్మదిగా పోనిద్దాం" అనకూడదు. క్యాన్యులా తీయవద్దు, అత్యవసర మందు దాని గుండానే వెళ్లాలి. సెట్ మొత్తం మార్చి కొత్త సెట్‌తో సెలైన్ పెట్టండి. పాత ట్యూబులో మిగిలిన రక్తాన్ని లోపలికి తోయకండి. ఒకరు డాక్టరును పిలుస్తుంటే మరొకరు వైటల్స్ తీసుకుని, పట్టీ, బ్యాగు లేబుల్ మళ్లీ సరిచూడాలి. పేరు తప్పితే వెంటనే బ్లడ్ బ్యాంకుకు ఫోన్, ఎందుకంటే ఇంకో మంచం దగ్గర ఇంకో తప్పు బ్యాగు ఎక్కుతూ ఉండొచ్చు.

గొంతు బిగుసుకుని బీపీ పడిపోతుంటే పెద్దవాళ్లకు అడ్రినలిన్ 0.5 మి.గ్రా. తొడ కండలోకి, కాళ్లు ఎత్తిపెట్టి ఆక్సిజన్. ఆయాసంతో బీపీ పెరిగితే కూర్చోబెట్టి ఆక్సిజన్, ఫ్యూరోసెమైడ్ డాక్టరు ఆదేశంతో. నడుం నొప్పి, ఎర్ర మూత్రం ఉంటే గ్రూపు తేడా అనుకుని మూత్రం గంట గంటకూ కొలవాలి. దద్దుర్లు ఒక్కటే ఉండి మందుకు తగ్గితే, డాక్టరు ఒప్పుకుంటే, అదే బ్యాగు నెమ్మదిగా కొనసాగించవచ్చు. మిగతా ఏ రియాక్షన్‌లోనూ ఆ బ్యాగు మళ్లీ తగిలించకూడదు.

బ్యాగు, సెట్ సూది లేకుండా మూసి, రెండో చేతి నుంచి తీసిన రక్త నమూనాలతో, రియాక్షన్ తర్వాతి మొదటి మూత్రంతో బ్లడ్ బ్యాంకుకు పంపండి. జ్వరం 102.2 దాటినా, 3.6 పెరిగినా బ్యాగుకూ రోగికీ కల్చర్. రియాక్షన్ ఫారం అదే షిఫ్టులో నింపాలి. 2012 నుంచి నడుస్తున్న జాతీయ హీమోవిజిలెన్స్ కార్యక్రమానికి ఆ వివరాలే వెళ్తాయి.

బెడ్ 14 నోట్స్: 11:20 ఆపాం, సుమారు 80 మి.లీ. వెళ్లింది. 11:24 డాక్టరు వచ్చారు, 11:28 పారాసెటమాల్ 650 మి.గ్రా. లేబుళ్లు సరిపోయాయి. 11:50 నమూనాలు పంపాం. మూత్రం రంగు మామూలే. 14:10 బ్లడ్ బ్యాంక్ ఫోన్: గ్రూపు సరే, కూంబ్స్ నెగెటివ్, కణాలు పగిలిన గుర్తు లేదు. డాక్టరు నిర్ణయం: జ్వరం రియాక్షన్. తర్వాతి బ్యాగు తెల్లకణాలు తీసినది అడగాలి. ఆయాసం కోసం 17:20 వరకు గంటకోసారి, మూత్రం రంగు రేపు ఉదయం వరకు చూడాలి. కూతురికి తెలుగులో చెప్పాం: రాత్రి వణుకు మళ్లీ వస్తే దుప్పటి కప్పే ముందు బెల్ కొట్టమని.